బారాత్ గ్రూపులో ఆక్సిజన్ మిషన్లు

మా ఆఫీసులో ఆక్సిజన్ మిషన్ చెడిపోతే ఆ కబురు పెళ్లి ఊరేగింపు గ్రూపులో పెట్టాలి. నేను ఎకసెక్కానికి చెప్పడం లేదు. రెండేళ్లపాటు అలాగే నడిచింది. ఆ గ్రూపు పెట్టిన పుణ్యాత్మురాలిని నేనే.

సైదాబాద్‌లో మాది రెండంతస్తుల ఆఫీసు. ఇళ్లలోనే ఉంచి చూసుకునే రోగులకు ఆక్సిజన్ మిషన్లు, మడత మంచాలు అద్దెకిస్తాం. చెడిపోతే మా మెకానిక్‌లు వెళ్లి బాగుచేస్తారు. కింద వర్క్‌షాపు, పైన ఫోన్లెత్తే అమ్మాయిలు, ఆ చివర ఆఫీసు నడిపే సారు గది. కుర్చీల నుంచి సిమ్ కార్డుల దాకా ఆఫీసు సామాన్లన్నీ నేను చూసుకుంటాను. సిమ్ కార్డులు నా చేతిలో ఉన్నాయి కాబట్టి ఆఫీసు చాట్ యాప్ కూడా నా నెత్తినే పడింది. అందులో ఒక్కో విషయానికి ఒక్కో చానెల్ పెట్టుకోవచ్చు. మేం వాటిని గ్రూపులనే అనేవాళ్లం. ఎవరికి ఏ పేరు తోస్తే ఆ పేరు పెట్టేవారు, నేను చూసి నవ్వుకునేదాన్ని.

వర్క్‌షాపు పెద్ద మెకానిక్‌ను అందరం ఉస్తాద్ అంటాం. ఆయన కొడుకు పెళ్లికి యాకుత్‌పురా వెళ్లాలి. ఎవరు ఏ బండిలో ఎక్కాలో తేల్చడానికి నేను 'బారాత్ బండి' అని ఒక చానెల్ తెరిచాను. మెకానిక్‌లు, డ్రైవర్లు, ఫోన్ల అమ్మాయిలు అందరూ చేరారు. పెళ్లయిన మర్నాడు ఒక డ్రైవర్, అందరూ ఇక్కడే ఉన్నారు కదా అని, ఛత్రినాకలో ఒక మిషన్ మోగుతోంది, దగ్గర్లో ఎవరున్నారని అందులోనే అడిగాడు. రెండు నిమిషాల్లో జవాబు వచ్చింది. అంతే, నీరు పల్లమెరుగు అన్నట్టు ఆ రోజు నుంచి చెడిపోయిన మిషన్ల కబుర్లన్నీ అటే పారాయి. యాప్ మొదలైనప్పుడు శాస్త్రోక్తంగా తెరిచిన 'సర్వీస్' అనే చానెల్ ఒకటి ఉండేది. అందులో మనుషులు నలభై పైచిలుకు ఉండేవారు గానీ, అందరూ దాని మోత ఆపేసుకుని మర్చిపోయారు.

మిగతావీ తక్కువేమీ కాదు. 'నయా గ్రూప్', 'నయా గ్రూప్ 2', 'ఫైనల్ నయా గ్రూప్' ఉండేవి. సెలవు కావాలంటే 'సార్ చెప్పింది' అనే దాంట్లో అడగాలి. ఎందుకంటే సెలవుల సంగతి అక్కడ అడగమని ఎప్పుడో సారు చెప్పారు. 'మీటింగ్ తర్వాత' అనే దాంట్లో ఏ మీటింగూ లేదు, ఏ తర్వాతా లేదు, స్టోరు వాళ్లు విడిభాగాల గురించి మాట్లాడుకునేవారు. పాతవాళ్లమైన మాకు ఏదెక్కడో కళ్లు మూసుకున్నా తెలుసు. తెలుసు కాబట్టే అది రోగమని మాకు అనిపించలేదు.

గత ఏడాది వానాకాలంలో ఫోన్లెత్తడానికి ఒక అమ్మాయి చేరింది. ఇల్లు ఆఫీసుకు నాలుగు గల్లీల అవతలే. తండ్రి రైల్వేలో గ్యాంగ్‌మన్. ఆ పిల్లకిది మొదటి ఉద్యోగం. మూడు నెలలు చూసి ఉంచుకుంటామనేది మా పద్ధతి. పని చూపించింది నేనే. ఫోన్ ఎలా ఎత్తాలి, కంప్యూటర్లో ఫిర్యాదు ఎలా రాయాలి అన్నీ ఓపిగ్గా చెప్పి, చివర్లో లేస్తూ లేస్తూ, మిషన్ చెడిపోతే గ్రూపులో వెయ్యి, మనవాళ్లు చూసుకుంటారు అన్నాను. ఏ గ్రూపులో అని ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. అంత వివరంగా చెప్పాల్సిన విషయమని నా బుర్రకు తట్టనే లేదు.

పదో రోజున యాకుత్‌పురా నుంచి ఫోన్ వచ్చింది. ఒక పెద్దావిడ ఆక్సిజన్ మిషన్ ఎర్రలైటు వేసి ఆగకుండా మోగుతోంది. ఈ పిల్ల వెంటనే వాళ్లను ఇంట్లో ఉన్న అదనపు సిలిండర్‌కు మారమని చెప్పింది. ఫిర్యాదు రాసింది. యాప్ తెరిచి, వెతికి, 'సర్వీస్' చానెల్లో చక్కగా చిరునామాతో సహా పెట్టింది. పావుగంటకు మళ్లీ పెట్టింది. అరగంటకు, దయచేసి ఎవరైనా చూడండి అని పెట్టింది. మనవాళ్లు చూసుకుంటారన్న నా మాట నమ్మి, మోగే ఫోన్లు వదిలి కిందికి దిగలేదు. కింద వర్క్‌షాపులో ఇద్దరు మెకానిక్‌లు ఖాళీగా కూర్చుని చాయ్ తాగుతున్నారు. అడగందే అమ్మైనా అన్నం పెట్టదంటారు. పాపం ఈ పిల్ల అడిగింది, అమ్మ లేని ఇంట్లో నిలబడి అడిగింది.

రెండు గంటల తర్వాత ఆ పెద్దావిడ కొడుకు ఆఫీసుకే వచ్చాడు. సిలిండర్ ఉండబట్టి తల్లికి ఏమీ కాలేదు. కానీ అతని కోపంలో తప్పేముంది? సిలిండర్ అయిపోతే ఏం చేసేవారని అడిగాడు. ఉస్తాద్ అప్పటికప్పుడు మంచి మిషన్ తీసుకుని బండెక్కారు. లొల్లి సద్దుమణిగాక సారు ఆ పిల్లను, నన్ను గదిలోకి పిలిచారు. రేపటి నుంచి రావద్దని ఆమెకు చెప్పమని నాతో అన్నారు. ఆమె ఎదురుగా నిలబడి ఉండగానే అన్నారు.

"పది రోజులాయె వచ్చి. ఏడ వెయ్యాల్నో గది గూడ తెల్వకపోతే ఎట్ల?" అన్నారు.

తలుపు దగ్గరికి వచ్చిన మెకానిక్‌లు తేలు కుట్టిన దొంగల్లా గమ్మున నిలబడ్డారు. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి కానీ నా పేరు చెప్పలేదు. అక్క గ్రూపులో వెయ్యమంది అని ఒక్క మాట అంటే చాలు, అనలేదు. నాకు సిగ్గేసింది. సిగ్గేస్తే నాకు ముందు కోపం వస్తుంది, అది నా పుట్టుబుద్ధి. నా ఫోన్ తీసి, చానెళ్ల జాబితా తెరిచి సారు చేతిలో పెట్టాను.

"సార్, మీరు ఇయ్యాల్నే కొత్తగ చేరిన్రనుకోండి. మిషన్ మోగుతున్నది. ఏడ వేస్తరో సూపియ్యుండ్రి."

ఇదేం పరీక్ష అన్నట్టు చూసి, సారు జాబితా పైకీ కిందికీ తోశారు. ఆయనకు చాట్ చూసే అలవాటు లేదు, బారాత్ గ్రూపులో ఆయన లేరు కూడా. బొటనవేలు వెళ్లి వెళ్లి 'సర్వీస్' మీద ఆగింది.

"ఆ పిల్ల గూడ గాడ్నే ఆగింది సార్," అన్నాను.

తర్వాత ఉన్నదున్నట్టు చెప్పేశాను. బారాత్ బండి కథ, అది తెరిచింది నేనే అన్న సంగతి, ఏ గ్రూపో చెప్పకుండా పని నేర్పిన సంగతి. తీసేస్తే నన్ను తీసెయ్యాలని కూడా అన్నాను. అది కొంచెం ఎక్కువే మాట్లాడాను, ఇంట్లో పిల్లల ఫీజులున్నాయి. సారు మంచివారే, కానీ అన్న మాట వెనక్కి తీసుకోవడం ఆయనకు చేదు మందు. పేర్లు మార్చినంత మాత్రాన తెలివి రాదన్నారు. అయితే చూద్దామన్నాను. వచ్చే సోమవారం ముగ్గురు కొత్తవాళ్లు చేరుతున్నారు. వాళ్లకు గ్రూపుల గురించి ఒక్క ముక్క చెప్పను. ఏ కబురు ఎక్కడ పెట్టాలో ఎవర్నీ అడగకుండా వాళ్లే కనుక్కుంటే ఈ పిల్ల ఉండాలి, లేకపోతే పోతుంది. సారు కాసేపు బల్ల మీద వేళ్లు కొట్టి సరేనన్నారు. సోమవారం దాకా ఆమె ఫోన్లు ఎత్తకూడదు, నా పక్కన కూర్చోవాలి. మా చేతిలో ఉన్నది ఆరు రోజులు.

మొదటి రోజు నేను నోటుపుస్తకం తీసి గొప్పగా మొదలుపెట్టాను. సర్వీస్ డిపార్ట్‌మెంట్, స్టోర్ డిపార్ట్‌మెంట్, అడ్మిన్ డిపార్ట్‌మెంట్ అని రాస్తుంటే ఆ పిల్ల మెల్లగా దగ్గింది. ఏందని అడిగాను.

"అక్కా, కొత్తగ వచ్చినోళ్లకు డిపార్ట్‌మెంట్లు ఎర్కనే ఉండయి. వాళ్లకు ఏం కావాల్నో గదే ఎర్క ఉంటది," అంది.

నేను పెన్ను మూసేశాను. పదేళ్ల అనుభవం నాది, పది రోజుల అనుభవం ఆమెది, ఈ పనికి ఆమెదే పనికొచ్చే అనుభవం. తెలియకపోవడం ఎలా ఉంటుందో మా ఆఫీసు మొత్తంలో గుర్తున్నది ఆమెకొక్కతికే. ఈ పది రోజుల్లో ఎక్కడ అడగాలో తెలియక మింగేసిన ప్రశ్నలన్నీ చీటీల మీద రాయమన్నాను. కుర్చీ చక్రం విరిగితే ఎవరికి చెప్పాలి? సెలవు ఎక్కడ అడగాలి? మంచం ఏ రోజు ఇంటికి చేరుతుందని రోగి వాళ్లు అడిగితే ఎవరిని కనుక్కోవాలి? మిషన్ ఆగిపోతే? అలా గంటలో బల్ల నిండింది. పది రోజులు ఈ పిల్ల ఇన్ని ప్రశ్నలు కడుపులో పెట్టుకుని నా ఎదురుగానే నవ్వుతూ కూర్చుందా అనుకున్నాను.

ఆ చీటీలను కుప్పలు పోస్తే నాలుగు కుప్పలయ్యాయి. ఏదైనా అడిగేవన్నీ 'హెల్ప్' అనే మాటతో మొదలవ్వాలి అనుకున్నాం. ఒక జట్టు తమలో తాము మాట్లాడుకునేవి 'టీమ్'తో. అందరికీ తెలియాల్సిన కబుర్లు 'ఖబర్'తో. జోకులు, పుట్టినరోజులు, క్రికెట్టు 'టైంపాస్'తో. యాప్ జాబితాను అక్షరాల వరుసలో చూపిస్తుంది కాబట్టి మొదటి మాట ఒకటే అయితే హెల్ప్‌లన్నీ ఒకచోట, టీమ్‌లన్నీ ఒకచోట వాటంతటవే చేరతాయి. మొదటి మాట తర్వాత చిన్న గీత, ఆ తర్వాత ఏం కావాలో ఆ మాట. మాలో కొందరు తెలుగు చదవలేరు, కొందరు ఉర్దూ చదవలేరు, అందుకని అన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లో, కానీ మాటలు మాత్రం మా నోట నలిగేవే. అలా పుట్టింది 'హెల్ప్-మిషన్-ఖరాబ్'. సర్వీస్ రిక్వెస్ట్ అని పెడితే గౌరవంగా ఉంటుందని ఒకరిద్దరన్నారు. మిషన్ మోగుతున్నప్పుడు గౌరవం ఎవడికి కావాలని వాళ్ల నోరు మూయించాను.

పేర్లను మా ఇంట్లో పరీక్షించాను. ఛత్రినాకలో మాది పాల వ్యాపారం. మా ఆయనకు మా ఆఫీసు గురించి తెలిసింది ఒక్కటే, నేను ఆలస్యంగా వస్తానని. ఆయన పాల క్యాన్లు కడుగుతుంటే పక్కన నిలబడి పేర్లు చదివి, కుర్చీ విరిగితే ఎక్కడ చెప్తావని అడిగాను. 'హెల్ప్-అడ్మిన్' దగ్గర ఆయన ఆగిపోయారు.

"అడ్మిన్ అంటే ఎవరు? మీ సారా?" అని అడిగారు.

మర్నాడు దాన్ని 'హెల్ప్-ఆఫీస్-సామాన్' చేశాం. విడిభాగాల కోసం రెండు పేర్లు పెట్టుకున్నామని, ఒక పనికి రెండు తలుపులుంటే మనిషి మధ్యలో నిలబడతాడని ఆ పిల్లే పట్టుకుంది. ఒకటి తీసేశాం. ప్రతి చానెల్ పైన అక్కడ ఏం అడగాలో ఒక్క వాక్యం రాశాం. 'హెల్ప్-మిషన్-ఖరాబ్' పైన, ఇంట్లో ఉన్న మిషన్ మోగినా, ఆగినా, గాలి తగ్గినా ఇక్కడ చెప్పండి అని పెట్టాం.

అసలు గొడవ బారాత్ దగ్గర వచ్చింది. కొత్త చానెల్ తెరిచి అందరినీ అక్కడికి రమ్మంటే రారు, అలవాటు కాళ్లు పాత ఇంటికే లాక్కెళ్తాయి. అదే పాత చానెల్ పేరు మారిస్తే మనుషులు, పాత మాటలు అన్నీ అందులోనే ఉంటాయి, బోర్డు మాత్రం మారుతుంది. అది నాకు తెలుసు. కానీ ఆ చానెల్ మొదట్లో ఉస్తాద్ కొడుకు గుర్రమెక్కిన ఫోటోలున్నాయి. వర్క్‌షాపుకు వెళ్లి సంగతి చెప్పగానే ఆయన చేతిలోని స్క్రూడ్రైవర్ కింద పెట్టారు. ఆయనకు కోపం రాలేదు, బాధపడ్డారు.

నా వెనకాల నిలబడిన ఆ పిల్ల, సిలిండర్ మీద ఆ పెద్దావిడ రెండు గంటలు గడిపిందని, తను ఆ జాబితాలో బారాత్ అనే పేరు చూసి కూడా ఎవరింటి పెళ్లో అని దాటిపోయిందని చెప్పింది. ఆయన మీద తప్పు మోపకుండా, జరిగింది జరిగినట్టు చెప్పింది. ఉస్తాద్ స్క్రూడ్రైవర్ మళ్లీ చేతిలోకి తీసుకున్నారు.

"ఫోటోల ఫికర్ నాకు లేదు బేటీ. పేరు మార్చు. మళ్ల ఏ అమ్మీ గట్ల రెండు గంటలు ఇంతజార్ చెయ్యొద్దు," అన్నారు.

ఫోటోలన్నీ 'టైంపాస్-పెళ్లి-ఫోటోలు' అనే కొత్త చానెల్లోకి ఆ పిల్లే ఒక్కొక్కటీ చేర్చి ఆయనకు చూపించింది. 'సర్వీస్'ను మూసేశాం. పాత మాటలు చదువుకోవచ్చు, కొత్తవి రాయడానికి వీల్లేదు. ఇక అందులో ఎవరూ పడరు. నయా గ్రూపులు మూడింటికీ నా చేత్తోనే తాళం వేశాను, ఆ పని నాకు మహా సంతోషాన్నిచ్చింది. కొత్తగా చేరేవాళ్లు ముఖ్యమైన హెల్ప్ చానెళ్లలో, అందరి కబుర్లకని పెట్టిన 'ఖబర్-అందరికీ'లో మొదటి రోజే తమంతట తామే చేరేట్టు యాప్‌లో ఏర్పాటు చేశాను. సారును కూడా వాటిలో చేర్చాను.

సోమవారం ముగ్గురూ వచ్చారు. ఇద్దరు ఫోన్లకు, ఒకతను వర్క్‌షాపుకు. ఒక్కొక్కరికీ పది చీటీలిచ్చి, ఇందులో ఉన్నది యాప్‌లో సరైన చోట పెట్టండి, ముందు పరీక్ష అని రాయండి అని మాత్రం చెప్పాను. సారు కుర్చీ తెచ్చుకుని వాళ్ల వెనకాల కూర్చున్నారు. ఆ పిల్ల నా పక్కన కూర్చుని తన దుపట్టా కొసను చుట్టడం, విప్పడం చేస్తోంది. నాకూ భయమే గానీ పైకి మహారాణిలా కూర్చున్నాను.

సెలవు చీటీ సరిగ్గా వెళ్లింది. కుర్చీ చక్రం వెళ్లింది. మంచం ఎప్పుడొస్తుందన్నదీ వెళ్లింది. వర్క్‌షాపు అతను ఒక చీటీ దగ్గర ఆగాడు. కొత్త మిషన్ ఇవాళే ఇంటికి చేరింది, అప్పుడే మోగుతోంది అని ఉంది అందులో. అతని వేలు 'హెల్ప్-మిషన్-డెలివరీ' మీద నిలిచింది. అతను ఆ చానెల్ తెరిచాడు, పైన వాక్యం చదివాడు, వెనక్కి వచ్చాడు. 'హెల్ప్-మిషన్-ఖరాబ్' తెరిచి దాని వాక్యం చదివి అక్కడ పెట్టాడు. ముప్పై చీటీలూ ముప్పై సరైన చోట్ల పడ్డాయి. నేను చప్పట్లు కొట్టేశాను, ఆపుకోలేకపోయాను.

సారు మాత్రం, చీటీల ఆట వేరు, నిజం ఫోన్ వేరు అని లేచారు. నాకు ఒళ్లు మండింది. కానీ నేను నోరు తెరిచే పని లేకుండా మధ్యాహ్నం నిజం ఫోనే వచ్చింది. సైదాబాద్‌లోనే ఒక ఇంట్లో ఆక్సిజన్ మిషన్ ఆగిపోయింది. ఎత్తింది పొద్దున చేరిన అమ్మాయి. సిలిండర్‌కు మారమని చెప్పింది, ఫిర్యాదు రాసింది, ఎవరి వైపూ చూడకుండా 'హెల్ప్-మిషన్-ఖరాబ్'లో పెట్టింది. ఆమె ఫోన్ కింద పెట్టేలోపే ఉస్తాద్ జవాబు పడింది, నేనే పోతున్న అని. కింద బండి స్టార్టయిన చప్పుడు పైకి వినిపించింది. సారు గది తలుపులోనే నిలబడి అంతా చూశారు. మళ్లీ లోపలికి వెళ్లిపోయారు.

అలా ఒక గంట గడిచింది. మాట ఇచ్చిన మనిషి ఎందుకు బయటికి రావడం లేదని నేను గొణుక్కుంటున్నాను. ఆ పిల్ల తన సంచీ సర్దుకుని ఒళ్లో పెట్టుకుంది. అప్పుడు ఆఫీసులో ఫోన్లన్నీ ఒక్కసారి మోగాయి. 'హెల్ప్-మిషన్-ఖరాబ్'లో సారు రాశారు. ఆ అమ్మాయి ఉద్యోగం ఖాయమని, మూడు నెలలు ఆగే పని లేదని, ఇకనుంచి చానెళ్ల పేర్ల బాధ్యత కూడా ఆమెదేనని ఉంది. మిషన్ ఎప్పుడు బాగవుతుందా అని మధ్యాహ్నం నుంచి ఆ చానెలే తెరుచుకుని కూర్చున్నట్టున్నారు, ఇదీ అందులోనే కొట్టేశారు.

ఆ పిల్ల రెండుసార్లు చదివింది. కళ్లు తుడుచుకుంది. సంచీ కింద పెట్టి, ఇంకెవరూ జవాబివ్వకముందే, ఆఫీసంతా చూస్తుండగా ఇలా రాసింది:

"థాంక్యూ సార్. కానీ ఇది 'ఖబర్-అందరికీ'లో వెయ్యాలె సార్. ఇక్కడ మిషన్ ఖరాబైతేనే."